భోజనం ఫోటోకు సమాధానం: కచ్చితమైన కేలరీ అంకె ఎందుకు చెప్పకూడదు?

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 కేలరీ అంకె ఎక్కడి నుంచి వస్తుంది?
7.3 ఫోటోలో కనిపించనివి
  7.3.1 అన్నంలోని నీరు
  7.3.2 మందం, లోతు
  7.3.3 నూనె
7.4 ఒక కంచం లెక్క
7.5 తప్పు అంకె వల్ల కలిగే హాని
7.6 సమాధానం రాసే పద్ధతి
7.7 లెక్క తప్పనిసరి అయినప్పుడు
7.8 సారాంశం
7.9 మీ ప్రగతిని పరిశీలించుకోండి: మాదిరి సమాధానాలు
7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:

- ఆహారంలోని శక్తి విలువను ఎలా లెక్కిస్తారో వివరించగలుగుతారు.
- ఇంటి భోజనం ఫోటో నుంచి ఏయే విషయాలు తెలుస్తాయో, ఏవి తెలియవో వేరుచేసి చెప్పగలుగుతారు.
- ఒకే కంచానికి కనిష్ఠ, గరిష్ఠ అంచనాలు వేయగలుగుతారు.
- కేలరీల గురించి అడిగినవారికి ఒంటి అంకె చెప్పకుండానే ఉపయోగపడే సమాధానం రాయగలుగుతారు.

7.1 పరిచయం

క్షేత్ర అధ్యయనంలో భాగంగా మీరు పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక బస్తీకి వెళ్లి, అక్కడివారితో ఆహారపు అలవాట్ల గురించి మాట్లాడి వచ్చారనుకుందాం. కొన్నాళ్లకు వారిలో ఒకరు మీ ఫోనుకు ఒక ఫోటో పంపారు. స్టీలు కంచంలో అన్నం, టమాట పప్పు, బెండకాయ వేపుడు, చిన్న గిన్నెలో పెరుగు, అంచున ఆవకాయ ఉన్నాయి. ఫోటో కింద ఇలా రాశారు:

"మేడం నమస్తే. మధ్యాహ్నం తిన్నది ఇదే. నాకు షుగర్ ఉంది, గోళీలు వేసుకుంటున్న. ఈ వారం సీ షిఫ్టు. ఇందులో ఎన్ని కేలరీలు ఉంటయో చెప్పండి. ఎక్కువైతే రాత్రి తిండి తగ్గించుకుంట."

ఈ ఉదాహరణ పాఠం కోసం కల్పించినదే. అయినా సంగారెడ్డి, పటాన్‌చెరు, బొల్లారం, రామచంద్రాపురం ప్రాంతాల్లో పనిచేసే విద్యార్థికి ఇలాంటి ప్రశ్న ఎప్పుడైనా ఎదురుకావచ్చు. ఈ ప్రాంతపు కర్మాగారాల్లో సాధారణంగా ఏ, బీ, సీ అని మూడు షిఫ్టులు నడుస్తాయి. సీ షిఫ్టు అంటే రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు. వేరే ఊళ్ల నుంచి వచ్చినవారు నలుగురైదుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకుని, వంతులవారీగా వండుకుంటారు. ఏ పూట ఎవరు వండారన్నదాన్ని బట్టి ఒకే కూర రుచితోపాటు నూనె కూడా మారుతుంది.

"742 కేలరీలు" అని రాసి పంపడం తేలిక. అడిగినవారికీ అదే సంతృప్తిగా ఉంటుంది. కాని ఆ ఫోటోలో ఆ అంకెకు ఆధారం లేదు. ఎందుకు లేదో, లేనప్పుడు ఏం రాయాలో ఈ భాగంలో తెలుసుకుందాం.

7.2 కేలరీ అంకె ఎక్కడి నుంచి వస్తుంది?

ముందుగా ఒక మాట. మనం వాడుకలో "కేలరీ" అనేది నిజానికి కిలో కేలరీ. ఈ భాగంలో కూడా కేలరీ అన్నచోటల్లా కిలో కేలరీ అనే అర్థం చేసుకోవాలి.

ఆహారంలో శక్తినిచ్చే పోషకాలు ముఖ్యంగా మూడు. ఒక గ్రాము పిండిపదార్థం నుంచి సుమారు 4, ఒక గ్రాము మాంసకృత్తుల నుంచి సుమారు 4, ఒక గ్రాము కొవ్వు నుంచి సుమారు 9 కేలరీలు లభిస్తాయి. పంతొమ్మిదో శతాబ్దం చివరలో అమెరికాలో విల్బర్ అట్వాటర్ చేసిన ప్రయోగాల నుంచి ఈ గుణకాలు వచ్చాయి. ఇవి కూడా సగటు విలువలే. పదార్థాన్ని బట్టి, అది ఎంత అరుగుతుందన్నదాన్ని బట్టి అసలు విలువ కొంత అటూ ఇటూ అవుతుంది.

ఏ పదార్థంలో ఏ పోషకం ఎంత ఉందో తెలుసుకోవడానికి మనకు ఆధారం హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. ఈ సంస్థ 2017లో భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలను ప్రచురించింది. దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విభజించి, నమూనాలు సేకరించి, 528 ఆహార పదార్థాలను విశ్లేషించి తయారుచేసిన పట్టికలివి. వీటిలో శక్తిని కిలోజౌళ్లలో ఇచ్చారు. 4.184తో భాగిస్తే కేలరీలు వస్తాయి. ఉదాహరణకు 100 గ్రాముల మర పట్టిన బియ్యానికి సుమారు 1490 కిలోజౌళ్లు, అంటే దాదాపు 356 కేలరీలు.

ఇక్కడ మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ పట్టికల్లో ఉన్నవి ప్రధానంగా వండని పదార్థాలు. బియ్యం ఉంది, కందిపప్పు ఉంది, బెండకాయ ఉంది. "టమాట పప్పు" లేదు, "బెండకాయ వేపుడు" లేదు. కంచంలో కనిపించే వంటకం నుంచి పట్టికలోని పదార్థానికి చేరాలంటే ప్రతి వంటకంలో ఏది ఎన్ని గ్రాములు పడిందో తెలియాలి. ఫోటో వంటకాన్ని చూపిస్తుంది, గ్రాములను చూపించదు.

7.3 ఫోటోలో కనిపించనివి

ఫోటో నుంచి అసలేమీ తెలియదనుకోవడం కూడా పొరపాటే. కంచంలో ఏయే రకాలున్నాయో, అన్నం పక్కన కూర ఏపాటి ఉందో, పెరుగు, పండు, ఆకుకూర ఉన్నాయో లేవో తెలుస్తుంది. తెలియనివి మాత్రం లెక్కను తారుమారు చేసేవే. వాటిలో మూడింటిని చూద్దాం.

7.3.1 అన్నంలోని నీరు

బియ్యం ఉడికేటప్పుడు నీరు పీల్చుకుని బరువు పెరుగుతుంది. నీటిలో శక్తి లేదు కాబట్టి, అన్నంలో నీరు ఎంత ఎక్కువ ఉంటే 100 గ్రాముల అన్నంలో కేలరీలు అంత తక్కువ. 100 గ్రాముల బియ్యం పొడిపొడిగా ఉడికి 260 గ్రాముల అన్నమైతే, 100 గ్రాముల అన్నంలో సుమారు 137 కేలరీలుంటాయి. అదే బియ్యం మెత్తగా ఉడికి 320 గ్రాములైతే సుమారు 111 మాత్రమే. గంజి వార్చే ఇళ్లలో కొంత పిండిపదార్థం గంజితో పోతుంది. అత్తెసరు పెట్టినా, కుక్కరులో వండినా అది అన్నంలోనే ఉండిపోతుంది. ఫోటోలో ఇవన్నీ ఒకే తెల్లటి కుప్పలా కనిపిస్తాయి.

7.3.2 మందం, లోతు

ఫోటో సాధారణంగా పైనుంచి తీస్తారు. పైనుంచి చూస్తే వెడల్పు తెలుస్తుంది, ఎత్తు తెలియదు. కంచం వ్యాసం పది అంగుళాలో పన్నెండో కూడా చెప్పలేం. టిఫిను డబ్బాలో కుక్కిన అన్నం, కంచంలో పరిచిన అన్నం కంటికి ఒకలాగే ఉన్నా బరువులో చాలా తేడా ఉంటుంది.

జొన్నరొట్టె దీనికి మంచి ఉదాహరణ. జహీరాబాద్ వైపు నుంచి వచ్చినవారు రెండు రొట్టెల ఫోటో పంపారనుకోండి. చేయి తిరిగినవారు 40 గ్రాముల పిండితో పలుచగా తట్టిన రొట్టె, అలవాటు లేనివారు 70 గ్రాముల పిండితో మందంగా తట్టిన రొట్టె పైనుంచి ఒకే వెడల్పుతో కనిపించవచ్చు. 100 గ్రాముల జొన్నల్లో సుమారు 335 కేలరీలుంటాయి కాబట్టి, మొదటి రొట్టెలో సుమారు 135, రెండోదానిలో సుమారు 235. రెండు రొట్టెలకు తేడా 200. "రెండు రొట్టెలు" అన్న మాట ఒక్కటే, శక్తి వేరు.

7.3.3 నూనె

అన్నిటికన్నా ఎక్కువ తప్పు ఇక్కడే వస్తుంది. నూనె పూర్తిగా కొవ్వు. ఒక టీ చెంచా, అంటే సుమారు 5 గ్రాముల నూనెలో 45 కేలరీలుంటాయి. 100 గ్రాముల బెండకాయ మొత్తంలో ఉన్నది సుమారు 30. అంటే బెండకాయ వేపుడులో శక్తి ప్రధానంగా బెండకాయది కాదు, నూనెది. ఆ నూనె ఒక చెంచానా, మూడు చెంచాలా అన్నది ముక్కలను చూసి చెప్పలేం. ముక్కలు పీల్చుకున్న నూనె బయటకు కనిపించదు. పప్పు పోపులో వేసిన నూనె పప్పులో కలిసిపోతుంది. మరోవైపు మూకుడులో మిగిలిపోయిన నూనె తిన్నవారి లెక్కలోకి రాదు. మెరిసే కూరను చూసి ఎక్కువ, మెరవని కూరను చూసి తక్కువ అనుకోవడం నమ్మదగిన పద్ధతి కాదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

గమనిక: మీ సమాధానాన్ని నోటు పుస్తకంలో రాసుకుని, 7.9లో ఇచ్చిన సమాధానంతో పోల్చి చూసుకోండి.

1. వండిన అన్నం 100 గ్రాముల శక్తి విలువ ఇంటింటికీ ఎందుకు మారుతుంది?
2. బెండకాయ వేపుడు ఫోటో చూసి కేలరీలు చెప్పడంలో ప్రధానమైన అడ్డంకి ఏది?

7.4 ఒక కంచం లెక్క

ఇప్పుడు 7.1లో చెప్పిన కంచాన్నే లెక్క వేద్దాం. ప్రతి పదార్థానికి ఫోటోతో సరిపోయే కనిష్ఠ అంచనా, గరిష్ఠ అంచనా రాద్దాం. రెండూ ఆ ఫోటోకు విరుద్ధం కాకూడదు. అదొక్కటే నియమం.

| కంచంలో ఉన్నది | కనిష్ఠ అంచనా | కేలరీలు | గరిష్ఠ అంచనా | కేలరీలు |
|---|---|---|---|---|
| అన్నం | మెత్తనిది 250 గ్రా. | 275 | పొడిపొడిది 400 గ్రా. | 540 |
| పప్పులోని కందిపప్పు | 20 గ్రా. | 65 | 35 గ్రా. | 115 |
| బెండకాయ | 100 గ్రా. | 30 | 100 గ్రా. | 30 |
| వేపుడు నూనె | 1 చెంచా | 45 | 3 చెంచాలు | 135 |
| పోపు నూనె | సుమారు అర చెంచా | 20 | సుమారు ఒకటిన్నర చెంచా | 65 |
| పెరుగు | ప్యాకెట్టుది 100 గ్రా. | 60 | గేదెపాలది 100 గ్రా. | 110 |
| ఆవకాయ, నూనెతో | కొద్దిగా | 20 | ఎక్కువగా | 60 |
| మొత్తం | | 515 | | 1055 |

ఒకే ఫోటో. ఒక చివర 515, మరో చివర 1055. రెండోది మొదటిదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. అన్ని పదార్థాలూ ఒకేసారి కనిష్ఠంగానో, గరిష్ఠంగానో ఉండటం అరుదు కాబట్టి నిజమైన విలువ మధ్యలో ఎక్కడో ఉండే అవకాశం ఎక్కువ. కాని ఆ మధ్య ఎక్కడ అన్నది ఫోటో చెప్పదు. ఇలాంటప్పుడు "742" అని రాస్తే, చదివినవారు దాన్ని 741 కాదు, 743 కాదు అన్నంత నిశ్చయంగా తీసుకుంటారు. లెక్కకు లేని కచ్చితత్వాన్ని అంకె తెచ్చిపెడుతుంది. తప్పు అంకెలో కాదు, ఆ అంకె ఇచ్చే భరోసాలో ఉంది.

ఇప్పుడు మీరు తిరిగి మూడు ప్రశ్నలు వేశారనుకుందాం: ఎంతమందికి ఎంత బియ్యం పోశారు? నూనె ప్యాకెట్టు ఎన్ని రోజులు వస్తుంది? పెరుగు ఇంట్లో తోడుపెట్టినదా, కొన్నదా? వారు ఇలా జవాబిచ్చారు: "గదిలో నలుగురం. పూటకు అరకిలో బియ్యం, గ్లాసున్నర లోపు పప్పు కాదు, నూరు నూటిరవై గ్రాములే. లీటరు నూనె పన్నెండు రోజులొస్తది. పెరుగు ప్యాకెట్టుది."

ఈ మాటలతో లెక్క మారిపోతుంది. అరకిలో బియ్యం నలుగురికి అంటే సగటున 125 గ్రాములు. అందరూ సమానంగా తినరు కాబట్టి 110 నుంచి 150 గ్రాములు అనుకుందాం. అన్నంలో ఎంత నీరుందన్న ప్రశ్న ఇక అవసరం లేదు, ఎందుకంటే మనం బియ్యం నుంచే లెక్క మొదలుపెట్టాం. అది 390 నుంచి 535 కేలరీలు. పప్పు తలా 25 నుంచి 30 గ్రాములు, అంటే 85 నుంచి 100.

నూనె లెక్క చూడండి. ఒక లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. దాన్ని నలుగురికి, పన్నెండు రోజులకు పంచితే తలా రోజుకు సుమారు 19 గ్రాములు. రెండు పూటలు వండుకుంటారు కాబట్టి పూటకు సుమారు 9.5 గ్రాములు, అంటే దాదాపు 85 కేలరీలు. ఇది అన్ని రోజుల సగటు. ఈ పూట వేపుడు ఉంది కాబట్టి 70 నుంచి 130 అని పెట్టుకుందాం. బెండకాయ 30, పెరుగు 60, ఆవకాయ 20 నుంచి 40.

అన్నీ కూడితే కనిష్ఠం 655, గరిష్ఠం 895. మొదట 540 కేలరీలున్న తేడా ఇప్పుడు 240కి తగ్గింది. తగ్గించినది మరింత స్పష్టమైన ఫోటో కాదు, వంటింటి కొలతలు. అయినా ఒంటి అంకె రాలేదన్నది గుర్తుంచుకోండి. రెండోసారి వడ్డించుకున్నారా, కంచంలో కొంత వదిలేశారా అన్నది మనకు ఇంకా తెలియదు.

7.5 తప్పు అంకె వల్ల కలిగే హాని

"కొంచెం అటూ ఇటూ అయితే ఏం?" అని మీకు అనిపించవచ్చు. అడిగినవారి సందేశాన్ని మళ్లీ చదవండి. వారు కేవలం తెలుసుకోవడానికి అడగలేదు. అంకెను బట్టి రాత్రి తిండి తగ్గించుకుంటామన్నారు. వారు మధుమేహానికి మాత్రలు వాడుతున్నారు, రాత్రంతా పనిచేయబోతున్నారు.

మీరు "1000 కేలరీలు దాటింది" అని రాశారనుకుందాం. వారు రాత్రి భోజనం మానేసి, మాత్ర మాత్రం వేసుకుని పనికి వెళ్లవచ్చు. మధుమేహానికి వాడే మందుల్లో కొన్ని, ఉదాహరణకు గ్లిమెపిరైడ్ మాత్రలు, ఇన్సులిన్, ఆహారం తీసుకోకపోయినా రక్తంలో చక్కెరను తగ్గిస్తాయి. తినకుండా శారీరక శ్రమ చేస్తే అది ప్రమాదకరమైన స్థాయికి పడిపోవచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, కళ్లు తిరగడం, మాట తడబడటం దీని లక్షణాలు. యంత్రం దగ్గర నిలబడినవారికి కళ్లు తిరగడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. స్పృహలో ఉన్నవారికి వెంటనే మూడు టీ చెంచాల చక్కెర నీటిలో కలిపి తాగించి, పదిహేను నిమిషాల్లో తేరుకున్నారో లేదో చూడాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మీరు "500 మాత్రమే" అని రాస్తే హాని మరో దారిలో వస్తుంది. ఇంకా తినవచ్చునని వారు అనుకుంటారు. రోజుకు 200 కేలరీల తప్పు ఒకే వైపు వెళితే వారానికి 1400 అవుతుంది. బరువు తగ్గకపోతే, "లెక్క ప్రకారమే తింటున్నా కదా" అని తమ శరీరాన్నో, మందునో అనుమానిస్తారు.

మూడో హాని కంటికి కనిపించదు. ఇంట్లో వండుకున్నది సంతోషంగా పంచుకున్నప్పుడు కేలరీ అంకె తీర్పులా వినిపిస్తుంది. ముఖ్యంగా కౌమారంలో ఉన్నవారు, బరువు గురించి ముందే దిగులు పడుతున్నవారు అంకె చూసి పూటలు మానేయడం మొదలుపెట్టవచ్చు. కాబట్టి అడగనివారికి కేలరీల మాట ఎత్తకూడదు. "బెండకాయ బాగా వేగింది, పప్పులో టమాట వేశారా?" అన్న మాటే ఆ ఫోటోకు తగిన సమాధానం.

7.6 సమాధానం రాసే పద్ధతి

కేలరీలు అడిగినవారికి సమాధానం నాలుగు మెట్లలో రాయవచ్చు. మొదట ఫోటోలో కనిపించినదాన్ని చెప్పాలి. తరవాత ఫోటో నుంచి తెలియనిదేదో కారణంతో సహా చెప్పాలి. ఆపైన వారి అసలు అవసరానికి పనికొచ్చే సలహా ఇవ్వాలి. చివరగా వంటింటి కొలతల గురించి ఒకటి రెండు ప్రశ్నలు అడగాలి. సందేశంలో మందుల ప్రస్తావన ఉంటే, వాటికి సంబంధించిన జాగ్రత్త అన్నిటికన్నా ముందు రావాలి.

ముందు, రాయకూడని సమాధానం చూడండి:

"ఇందులో 742 కేలరీలు ఉన్నాయి. మీకు పూటకు 500 చాలు. రాత్రి తినకండి."

మూడు వాక్యాల్లో మూడు తప్పులున్నాయి. అంకెకు ఆధారం లేదు. వారి వయసు, బరువు, పని తెలియకుండా "500 చాలు" అనడానికి వీల్లేదు. కూర్చుని చేసే పనికి, బరువులు మోసే పనికి రోజుకు కావలసిన శక్తిలో వందల కేలరీల తేడా ఉంటుంది. ఇక మూడో వాక్యం వైద్యుని సలహా లేకుండా పూట మానిపించడం.

ఇప్పుడు అదే ఫోటోకు తగిన సమాధానం:

"నమస్తే అన్నా. ముందుగా ఒక మాట: షుగర్ గోళీలు వేసుకుంటూ రాత్రి తిండి మానొద్దు, సీ షిఫ్టులో అసలే వద్దు. తగ్గించాలంటే మీ డాక్టరుగారిని అడిగాకే తగ్గించండి. ఫోటో చూశాను. పప్పు, కూర, పెరుగు మూడూ ఉండటం బాగుంది. ఎన్ని కేలరీలో ఫోటో చూసి చెప్పలేను. నూనె ఎంత పడిందో, అన్నం ఎంత బరువుందో కనిపించదు, అంచనా సగానికి సగం తప్పవచ్చు. కంచంలో అన్నం ఎక్కువ, కూర తక్కువ ఉంది. రేపటి నుంచి అన్నం ఒక గరిటె తగ్గించి, కూర అంత పెంచి చూడండి. గదిలో ఎంతమందికి ఎంత బియ్యం పోస్తారు, లీటరు నూనె ఎన్ని రోజులు వస్తుందో చెబితే దగ్గరి లెక్క చెబుతాను."

ఈ సమాధానంలో ఒక్క కేలరీ అంకె కూడా లేదు. అయినా అడిగినవారు రేపటి నుంచి ఏం చేయాలో తెలుసుకున్నారు. "గరిటె" అన్నది వారి వంటింట్లో ఉన్న కొలత. అది ఇంటింటికీ మారినా, నిన్నటి గరిటె, రేపటి గరిటె ఒకటే కాబట్టి మార్పును కొలవడానికి సరిపోతుంది. కేలరీ అంకె ఇవ్వలేని ఉపయోగం ఇది.

కొలతలు తెలిశాక లెక్క చెప్పవలసి వస్తే అవధిగా చెప్పాలి. 655, 895 అన్న అంకెలను కూడా గుండ్రంగా "సుమారు 650 నుంచి 900 మధ్య" అనాలి. అవధికి మధ్య అంకెను విడిగా చెప్పకూడదు. చెబితే, వినేవారికి అదొక్కటే గుర్తుండిపోతుంది.

7.7 లెక్క తప్పనిసరి అయినప్పుడు

కొన్ని సందర్భాల్లో అవధి సరిపోదు. తిన్న పిండిపదార్థాన్ని బట్టి ఇన్సులిన్ మోతాదు నిర్ణయించుకునేవారు, మూత్రపిండాల వ్యాధి వల్ల మాంసకృత్తులు కొలిచి తినవలసినవారు ఇందుకు ఉదాహరణ. వీరికి ఫోటో చూసి ఏ అంకె చెప్పినా ప్రమాదమే. వీరిని వైద్యుని దగ్గరకు, అర్హత ఉన్న ఆహార నిపుణుల దగ్గరకు పంపడమే విద్యార్థిగా మీ బాధ్యత.

అక్కడ చేసే పని ఇలా ఉంటుంది. వండటానికి ముందు ప్రతి పదార్థాన్నీ వంటింటి త్రాసులో తూస్తారు. నూనె సీసాను వంటకు ముందు, తరవాత తూచి తేడా రాస్తారు. వండిన మొత్తం బరువు, అందులో ఆ వ్యక్తి కంచంలోకి వచ్చిన బరువు, వదిలేసిన బరువు నమోదు చేస్తారు. మొత్తం వంటలోని పోషకాలను పట్టికల సాయంతో కట్టి, తిన్న భాగాన్ని నిష్పత్తిలో తీస్తారు. ఒక్క రోజు చాలదు. సెలవు రోజుతో సహా కొన్ని రోజులు ఇలా చేసి సగటు తీస్తారు. షిఫ్టులు మారేవారి విషయంలో పగటి షిఫ్టు వారం, రాత్రి షిఫ్టు వారం రెండూ చూడాలి. ఇంత చేసినా వచ్చేది దగ్గరి అంచనాయే, ఎందుకంటే పట్టికల్లోని విలువలు కూడా సగటులే.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

3. ఐదుగురు ఉన్న ఇంట్లో ఒక లీటరు నూనె పది రోజులు వస్తుంది. తలా రోజుకు ఎన్ని గ్రాముల నూనె, ఎన్ని కేలరీలు?
4. మధుమేహానికి మాత్రలు వాడే వ్యక్తి కేలరీలు అడిగినప్పుడు సమాధానంలో మొదట ఏది రాయాలి? ఎందుకు?

7.8 సారాంశం

ఆహారంలోని శక్తిని పదార్థాల బరువు నుంచి, పోషక విలువల పట్టికల సాయంతో లెక్కిస్తారు. ఫోటోలో బరువు కనిపించదు. అన్నంలోని నీరు, మందం, నూనె ఇంటింటికీ మారుతాయి. అందువల్ల ఒకే కంచానికి 515 నుంచి 1055 కేలరీల వరకు అంచనా వేయవచ్చని చూశాం. బియ్యం, నూనె, పప్పు కొలతలు అడిగితే అవధి తగ్గుతుంది కాని ఒంటి అంకెగా మారదు. ఆధారం లేని కచ్చితమైన అంకెను నమ్మి ఆహారం తగ్గిస్తే, మధుమేహానికి మందులు వాడేవారికి ప్రాణాపాయం కూడా కలగవచ్చు. సమాధానంలో కనిపించినదాన్ని, కనిపించనిదాన్ని వేరుగా చెప్పి, వారి వంటింటి కొలతల్లోనే సలహా ఇవ్వాలి.

7.9 మీ ప్రగతిని పరిశీలించుకోండి: మాదిరి సమాధానాలు

1. ఉడికేటప్పుడు బియ్యం పీల్చుకునే నీరు వండే పద్ధతిని బట్టి మారుతుంది. నీరు పెరిగితే 100 గ్రాముల అన్నంలో శక్తి తగ్గుతుంది. గంజి వారిస్తే కొంత పిండిపదార్థం కూడా పోతుంది.
2. వేపుడులోని శక్తిలో ఎక్కువ భాగం నూనె నుంచి వస్తుంది. ముక్కలు పీల్చుకున్న నూనె ఫోటోలో కనిపించదు.
3. 910 గ్రాములను 5తో, తరవాత 10తో భాగించాలి. తలా రోజుకు సుమారు 18 గ్రాములు. గ్రాముకు 9 చొప్పున దాదాపు 165 కేలరీలు.
4. వైద్యుని అడగకుండా పూట మానవద్దని రాయాలి. కొన్ని మందులు ఆహారం తీసుకోకపోయినా రక్తంలో చక్కెరను తగ్గిస్తాయి.

7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానం రాయండి.

1. ఇంటి భోజనం ఫోటో నుంచి శక్తి విలువను అంచనా వేయడంలోని పరిమితులను ఉదాహరణలతో వివరించండి.
2. మీ ఇంట్లో ఒక పూట భోజనాన్ని తీసుకుని, ఫోటోను బట్టి కనిష్ఠ, గరిష్ఠ అంచనాలు వేయండి. తరవాత వంటింటి కొలతలతో అవధిని తగ్గించి, తేడాను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానం రాయండి.

1. నూనె వాడకాన్ని నెలసరి కొనుగోలు నుంచి లెక్కించే పద్ధతిని, అందులోని లోపాన్ని తెలపండి.
2. జహీరాబాద్ నుంచి ఒకరు రెండు జొన్నరొట్టెలు, పచ్చిపులుసు ఉన్న ఫోటో పంపి కేలరీలు అడిగారు. వారికి తగిన సమాధానం రాయండి.